ప్రొఫార్మా పంపాలా, ట్యాక్స్ ఇన్‌వాయిస్ పంపాలా? అడ్వాన్స్ అడిగే ముందు తేల్చుకోవాల్సిన సంగతి

పని ఖాయమైంది. క్లయింట్ ఫోన్ చేసి, "సరే అండీ, ఇన్‌వాయిస్ పంపించండి, అడ్వాన్స్ వేసేస్తాం" అన్నారు. ఆ మాటలో ఏ ఇన్‌వాయిస్ అన్నది లేదు. వాళ్లకూ దాని మీద స్పష్టత ఉండకపోవచ్చు. చాలామంది ఇక్కడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, పూర్తి మొత్తానికి ట్యాక్స్ ఇన్‌వాయిస్ కొట్టి పంపేస్తారు. డబ్బు రాకముందే, పని మొదలు కాకముందే జీఎస్‌టీ కట్టాల్సిన బాధ్యత నెత్తిన పడిందని వచ్చే నెల రిటర్న్ వేసేటప్పుడు తెలుస్తుంది.

ఈ రెండు కాగితాలూ చూడ్డానికి కవలల్లా ఉంటాయి. అదే లోగో, అవే వరుసలు, కింద అదే బ్యాంకు ఖాతా. చట్టం దృష్టిలో మాత్రం ఒకదానికి బరువుంది, రెండోదానికి లేదు. ప్రొఫార్మా అంటే "ఈ పనికి ఇంత అవుతుంది, ఇంత పంపితే మొదలుపెడతాం" అని చెప్పే కాగితం. జీఎస్‌టీ చట్టంలో దానికంటూ ఒక నిర్ణీత రూపం లేదు, దాన్ని ఏ రిటర్న్‌లోనూ చూపించరు, దాని మీద పన్నూ పడదు. ట్యాక్స్ ఇన్‌వాయిస్ అలా కాదు. ఎప్పుడు ఇవ్వాలో 2017 నాటి కేంద్ర జీఎస్‌టీ చట్టం 31వ సెక్షన్ చెబుతుంది, అందులో ఏమేం ఉండాలో రూల్ 46 చెబుతుంది. అది బయటికి వెళ్లిందంటే మీ అమ్మకాల రిటర్న్ అయిన జీఎస్‌టీఆర్-1లో చేరాలి, పన్ను కట్టాలి. అవతలి వాళ్లకు తమ పన్నులోంచి తగ్గించుకునే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ దొరికేది కూడా దాని ఆధారంగానే.

కొటేషన్ సంగతి వేరు. బేరం ఇంకా తెగనప్పుడు ఇచ్చేది కొటేషన్. బేరం తెగాక డబ్బు అడగడానికి ఇచ్చేది ప్రొఫార్మా. మెషిన్ కొనడానికి లోన్ తీసుకునేవాళ్లను డీలర్ ఇచ్చిన ప్రొఫార్మా తెమ్మని బ్యాంకు అడగడం, ఎగుమతుల్లో విదేశీ కొనుగోలుదారు లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరవడానికి ప్రొఫార్మా అడగడం మామూలే. అక్కడ అనుమానమేమీ రాదు. తికమకంతా దేశంలోపల అడ్వాన్స్ తీసుకుని సేవలందించే చోట వస్తుంది. అందుకే ఇక్కడ ఎక్కువగా దాని గురించే చెబుతాను.

సరుకైతే ఒక లెక్క, సేవైతే ఇంకో లెక్క

మీరు అమ్మేది వస్తువైతే నిర్ణయం తేలిక. అడ్వాన్స్ అడగడానికి ప్రొఫార్మా పంపండి. వస్తువుల మీద తీసుకున్న అడ్వాన్స్‌కు అప్పటికప్పుడు జీఎస్‌టీ కట్టనక్కర్లేదని 2017 నవంబర్ 15న వచ్చిన నోటిఫికేషన్ చెప్పింది (కాంపొజిషన్ స్కీమ్‌లో ఉన్నవాళ్లకు అది వర్తించదు). సరుకు మీ గోడౌన్ దాటేటప్పుడు, లేదా అంతకుముందే, ట్యాక్స్ ఇన్‌వాయిస్ తయారవ్వాలి. మూడు ప్రతులు: కొనేవారికి ఒకటి, రవాణా చేసేవారికి ఒకటి, మీ ఫైల్‌కు ఒకటి.

ఇక్కడ ఒక్క తప్పు మాత్రం చేయొద్దు. "డబ్బు పూర్తిగా వచ్చాక ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇస్తాం, ప్రస్తుతానికి ప్రొఫార్మాతో లారీ పంపండి" అనడం. దారిలో అధికారులు ఆపితే ప్రొఫార్మా చెల్లదు. సరుకును, బండిని నిలిపేస్తారు. విడిపించుకోవాలంటే పెనాల్టీ పన్నుకు రెండింతలు. బాకీ వసూలు కాదేమో అన్న భయం ఉంటే సరుకు పంపడం ఆపండి, ఇన్‌వాయిస్‌ను కాదు.

సేవల దగ్గరికి వచ్చేసరికి కథ మారుతుంది. సేవల మీద అడ్వాన్స్ చేతికందిన రోజే ఆ మేరకు పన్ను బాధ్యత పుడుతుంది. అంటే ప్రొఫార్మా పంపితే పన్ను పడదు. కానీ ఆ ప్రొఫార్మా చూసి క్లయింట్ డబ్బు వేస్తే పడుతుంది. ఈ తేడా తెలియక "ప్రొఫార్మానే కదా ఇచ్చాం, ఇన్‌వాయిస్ ఇచ్చినప్పుడు కడదాంలే" అని అడ్వాన్స్‌ను లెక్కలోకి తీసుకోనివాళ్లు ఎక్కువ.

డబ్బు వచ్చాక సేవల వాళ్ల ముందు రెండు దారులున్నాయి. ఒకటి, అడ్వాన్స్‌కు రసీదు వోచర్ ఇచ్చి, పని పూర్తయ్యాక మొత్తానికి ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇవ్వడం. రెండోది, అడ్వాన్స్ మొత్తానికి అప్పుడే ఒక ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇచ్చేయడం. సేవల విషయంలో పనికి ముందే ఇన్‌వాయిస్ ఇవ్వడాన్ని చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి రెండోదీ తప్పు కాదు. అడ్వాన్స్ వచ్చిన నెలలోనే ఇన్‌వాయిస్ కూడా ఇచ్చేస్తే దాన్ని అడ్వాన్స్‌గా విడిగా చూపించే పని తప్పుతుంది. చిన్న సంస్థల అకౌంటెంట్లలో చాలామందికి ఇదే ఇష్టం.

నా మొగ్గు ఎటంటే, పని నెల రోజుల్లో అయిపోయేదైతే రెండో దారి. పని నెలల తరబడి సాగేదై, మధ్యలో మొత్తం మారే అవకాశమో, ఆగిపోయే అవకాశమో ఉంటే మొదటి దారి. రసీదు వోచర్ మీద ఉన్న అడ్వాన్స్‌ను తిరిగి ఇచ్చేయాల్సి వస్తే రీఫండ్ వోచర్‌తో పని జరిగిపోతుంది. ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇచ్చేశాక వెనక్కి తగ్గాలంటే క్రెడిట్ నోట్ ఇవ్వాలి, దాన్ని రిటర్న్‌లో చూపాలి, అవతలివాళ్లు ఒకవేళ క్రెడిట్ తీసుకుని ఉంటే వెనక్కి కట్టించాలి. క్రెడిట్ నోట్‌కు గడువూ ఉంది: ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30, లేదా వార్షిక రిటర్న్ వేసిన రోజు, ఏది ముందైతే అది.

ఒక పని మొదటి నుంచి చివరిదాకా

ఒక చిన్న ఇంజినీరింగ్ డిజైన్ సంస్థ ఉందనుకుందాం. జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉంది, నెల నెలా రిటర్న్ వేస్తుంది. పక్క రాష్ట్రంలోని ఫ్యాక్టరీకి యంత్ర భాగాల డ్రాయింగ్‌లు చేసి ఇవ్వాలి. ఫీజు 2,00,000 రూపాయలు, దాని మీద 18% ఐజీఎస్‌టీ 36,000, మొత్తం 2,36,000. సగం అడ్వాన్స్, సగం పని అప్పగించాక.

2026 జనవరి 5న ప్రొఫార్మా వెళ్లింది. నంబర్ `PI/25-26/014`. ట్యాక్స్ ఇన్‌వాయిస్‌ల వరుసలో ఈ నంబర్ కలవదు, దీనికి వేరే వరుస. ఇది పట్టింపు కోసం చెబుతున్నది కాదు. ట్యాక్స్ ఇన్‌వాయిస్ నంబర్లు ఒక ఆర్థిక సంవత్సరంలో వరుసగా, 16 అక్షరాలు మించకుండా ఉండాలి. ఏ నంబర్ నుంచి ఏ నంబర్ వరకు ఇచ్చారో, ఎన్ని రద్దు చేశారో జీఎస్‌టీఆర్-1లో చెప్పాలి. ప్రొఫార్మాలు అందులో కలిస్తే మధ్యలో ఖాళీలు కనబడతాయి. ఆ ఖాళీలకు తర్వాత సంజాయిషీ చెప్పుకోవాలి.

ప్రొఫార్మాలో అడ్వాన్స్‌గా అడిగింది 1,00,000 కాదు, 1,18,000. పన్నుతో కలిపి అడగడం ఎందుకు ముఖ్యమంటే, పన్ను సంగతి ఎత్తకుండా లక్ష రూపాయలే అడిగి, లక్షే వచ్చిందనుకోండి. ఆ లక్షలోనే పన్ను ఉందని లెక్కకట్టాలి. 18 బై 118 చొప్పున 15,254 రూపాయలు ప్రభుత్వానికి పోతాయి. చేతిలో మిగిలేది 84,746. "జీఎస్‌టీ చివర్లో ఇస్తాం" అని క్లయింట్ అంటే ఈ లెక్క చూపించండి.

జనవరి 12న బ్యాంకులో పడింది 1,08,000. పదివేలు తక్కువ. కంగారు అక్కర్లేదు, వృత్తిపరమైన ఫీజు కింద 10% టీడీఎస్ కోశారు. పన్ను విడిగా చూపించారు కాబట్టి కోత లక్ష మీదే పడింది, 1,18,000 మీద కాదు. ప్రొఫార్మాలో జీఎస్‌టీని వేరే వరుసలో చూపడానికి ఇదీ ఒక కారణం. జీఎస్‌టీ లెక్కలో మాత్రం వచ్చిన అడ్వాన్స్ 1,18,000 అనే రాసుకోవాలి. ఆ పదివేలు మీ పాన్ పేరిట జమైన మీ డబ్బే.

అదే రోజు `RV/25-26/009` నంబర్‌తో రసీదు వోచర్ వెళ్లింది. ఫిబ్రవరి 11లోగా వేసే జనవరి జీఎస్‌టీఆర్-1లో ఈ అడ్వాన్స్ చూపించారు, ఫిబ్రవరి 20లోగా వేసే, పన్ను కట్టే రిటర్న్ అయిన జీఎస్‌టీఆర్-3బీలో 18,000 కట్టారు.

మార్చి 3న డ్రాయింగ్‌లన్నీ అప్పగించారు. మార్చి 5న ట్యాక్స్ ఇన్‌వాయిస్, `EDS/25-26/087`. అన్నింటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఈ కాగితం మీదే, కాబట్టి ఇక్కడ కాస్త నిలబడి చూడాలి. సగం డబ్బు ముందే వచ్చింది కదా అని చాలామంది మిగిలిన సగానికే ఇన్‌వాయిస్ చేస్తారు: 1,00,000 ప్లస్ 18,000. మొదటి లక్షకు రసీదు వోచర్ ఉందిగా, సరిపోదా అంటే సరిపోదు. రసీదు వోచర్ మీద అవతలివాళ్లకు క్రెడిట్ రాదు, వాళ్లకు దొరికే క్రెడిట్‌ను నెల నెలా పోర్టల్ చూపించే జీఎస్‌టీఆర్-2బీలో అది కనబడదు. కాబట్టి ఇన్‌వాయిస్ పూర్తి మొత్తానికి ఉండాలి, అడ్వాన్స్ కింద తీసివేతగా రావాలి:

డిజైన్ సేవల ఫీజు: 2,00,000
ఐజీఎస్‌టీ 18%: 36,000
ఇన్‌వాయిస్ మొత్తం: 2,36,000
తీసివేత, అందిన అడ్వాన్స్ (రసీదు వోచర్ RV/25-26/009, 12-01-2026): 1,18,000
చెల్లించాల్సిన బాకీ: 1,18,000

మార్చి రిటర్న్‌లో 36,000 పన్ను చూపి, జనవరిలో కట్టిన 18,000 సర్దుబాటు చేసుకుంటారు. బయటికి వెళ్లేది 18,000. ఈ సర్దుబాటు మర్చిపోతే ఒకే పన్ను రెండుసార్లు కట్టినట్టు. క్లయింట్‌కు ఏప్రిల్ 14న వచ్చే 2బీలో మొత్తం 36,000 కనబడుతుంది. సగానికే ఇన్‌వాయిస్ చేసి ఉంటే వాళ్ల అకౌంట్స్ నుంచి "18,000 తక్కువ కనబడుతోంది" అని ఫోన్ వచ్చేది. ఫోన్ రావడం కూడా అదృష్టమే. కొందరు ఏమీ చెప్పకుండా ఆ 18,000 పట్టుకుని మిగతాది వేస్తారు.

పని అయిపోయాక కూడా ప్రొఫార్మాతోనే నెట్టుకొస్తే?

ఇది చాలా చోట్ల అలవాటుగా మారింది. పని అప్పగించారు, క్లయింట్ ఎప్పుడు డబ్బు వేస్తారో తెలియదు. ఇన్‌వాయిస్ ఇచ్చేస్తే ఈ నెలే పన్ను కట్టాలి. అందుకని ప్రొఫార్మా పంపి, డబ్బు వచ్చాక ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇస్తారు. చేతి నుంచి పన్ను కట్టే బాధ ఎవరికైనా ఉంటుంది, అర్థం చేసుకోగలను. కానీ సేవలకు ట్యాక్స్ ఇన్‌వాయిస్ పని పూర్తయిన 30 రోజుల్లోపు ఇవ్వాలి (బ్యాంకులు, బీమా సంస్థల లాంటివాటికి 45 రోజులు). ఆ 30 రోజుల లోపల ఆగితే మీ ఇష్టం, చట్టబద్ధమే. దాటితే పన్ను లెక్క వెనక్కి జరిగి, పని పూర్తయిన తేదీకి వెళ్లి కూర్చుంటుంది.

పై ఉదాహరణలో ఏప్రిల్ 2 వరకు గడువుంది. ఇన్‌వాయిస్ ఏప్రిల్ 25న ఇచ్చి, ఏప్రిల్ లెక్కలో చూపి, మే 20న కట్టారనుకుందాం. చట్టం ప్రకారం ఆ 18,000 మార్చి లెక్కది, ఏప్రిల్ 20కల్లా కట్టాల్సింది. 30 రోజులకు ఏడాదికి 18% చొప్పున వడ్డీ సుమారు 266 రూపాయలు. ఇంతేనా అనిపిస్తుంది. నిజమే, వడ్డీ చిన్నదే. అసలు చిక్కు వేరే చోట ఉంది. మార్చిలో చేసిన పని కొత్త ఆర్థిక సంవత్సరం నంబర్‌తో వెళ్లింది. క్లయింట్ మార్చి ఖాతాలు ముగించేటప్పుడు మీ బిల్లు వాళ్ల దగ్గర లేదు. వాళ్లు అడుగుతారు, ఆడిటర్ అడుగుతాడు, మీరు మెయిళ్లు తవ్వుకుంటూ కూర్చుంటారు.

మూడు నెలలు దాటి సాగుతూ, విడతలవారీగా డబ్బు వచ్చే ఒప్పందాలకు వేరే నియమం ఉంది. ఒప్పందంలో చెల్లింపు తేదీ రాసి ఉంటే ఆ తేదీకల్లా ఇన్‌వాయిస్ ఇవ్వాలి. ఫలానా దశ పూర్తయితే ఇంత అని రాసుకుంటే ఆ దశ పూర్తయ్యేసరికి ఇవ్వాలి. అక్కడ 30 రోజుల వెసులుబాటు మీద ఆధారపడొద్దు. ఒప్పందం రాసుకునేటప్పుడే "ప్రొఫార్మా అందిన 7 రోజుల్లో అడ్వాన్స్" అన్న వాక్యం చేరిస్తే సగం టెన్షన్ పోతుంది.

ఏడాది టర్నోవర్ 5 కోట్లు దాటినవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థలకు ఇచ్చే ట్యాక్స్ ఇన్‌వాయిస్‌కు ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్ నుంచి ఐఆర్‌ఎన్ అనే ప్రత్యేక నంబర్, క్యూఆర్ కోడ్ రావాలి. అవి లేకుండా "ట్యాక్స్ ఇన్‌వాయిస్" అని పైన రాసి పీడీఎఫ్ పంపితే అది ఇన్‌వాయిస్ కిందికి రాదు. ఐఆర్‌ఎన్ తీశాక పోర్టల్‌లో రద్దు చేసుకోవడానికి 24 గంటలే. కాబట్టి "ఒకసారి చూసి చెప్పండి, మార్పులుంటే మారుస్తాం" అనే మాట ప్రొఫార్మాకే చెల్లుతుంది. పేరు, చిరునామా, జీఎస్‌టీఐఎన్, పర్చేజ్ ఆర్డర్ నంబర్ లాంటివన్నీ ప్రొఫార్మా దశలోనే వాళ్లచేత సరిచూపించుకోండి. జీఎస్‌టీఐఎన్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చినా మీ ఇన్‌వాయిస్ వాళ్ల ఖాతాలో కనబడదు. ప్రొఫార్మాలో తప్పు దొర్లితే `PI/25-26/014-R1` అని మార్చి పంపితే చాలు.

రిజిస్ట్రేషనే లేనివాళ్లు ప్రొఫార్మాలో కూడా జీఎస్‌టీ వరుస పెట్టకూడదు, ఎందుకంటే వాళ్లు పన్ను వసూలు చేయడానికి వీల్లేదు. మామూలు బిల్లు ఇస్తే సరి. కాంపొజిషన్‌లో ఉన్నవాళ్లు ట్యాక్స్ ఇన్‌వాయిస్ బదులు బిల్ ఆఫ్ సప్లై ఇస్తారు.

మెయిల్ ఎలా రాయాలి

"ఇన్‌వాయిస్ జతచేశాను, చూడగలరు" అన్న ఒక్క వాక్యంతో వెళ్లే మెయిల్ వల్లే సగం గొడవలు. ఆ మెయిల్ చదివేది మీతో మాట్లాడిన మేనేజర్ కాదు. ఆయన దాన్ని అకౌంట్స్‌కు ఫార్వర్డ్ చేస్తారు. అక్కడ కూర్చున్నవారికి మీ పని సంగతి ఏమీ తెలియదు. సబ్జెక్ట్ లైన్, జతచేసిన ఫైల్ పేరు చూసి బుక్ చేసేస్తారు. కాబట్టి అది ఏ కాగితమో సబ్జెక్ట్‌లోనే తెలియాలి. ప్రొఫార్మా మెయిల్‌లో "బిల్లు", "ఇన్‌వాయిస్" అని ఒంటరిగా రాయకండి, ప్రతిచోటా "ప్రొఫార్మా" అనే రాయండి. ఫైల్ పేరు కూడా `Invoice.pdf` కాకుండా `PI-25-26-014_Advance.pdf` అని ఉండాలి.

ప్రొఫార్మా పంపేటప్పుడు నేనైతే ఇలా రాస్తాను:

> సబ్జెక్ట్: ప్రొఫార్మా PI/25-26/014, యంత్ర భాగాల డ్రాయింగ్‌లు, అడ్వాన్స్ రూ. 1,18,000
>
> నమస్కారం అండీ,
>
> మన మధ్య ఖరారైన డ్రాయింగ్‌ల పనికి ప్రొఫార్మా జతచేశాను. మొత్తం ఫీజు రూ. 2,00,000, 18% ఐజీఎస్‌టీతో రూ. 2,36,000. ఇందులో సగం, అంటే రూ. 1,18,000 (ఫీజు 1,00,000, జీఎస్‌టీ 18,000) అడ్వాన్స్‌గా జనవరి 20లోగా పంపగలరు. ఈ ధర కూడా ఆ తేదీ వరకే.
>
> ఇది ట్యాక్స్ ఇన్‌వాయిస్ కాదు, దీని మీద ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవడానికి కుదరదు. అడ్వాన్స్ అందగానే రసీదు వోచర్, డ్రాయింగ్‌లు అప్పగించాక పూర్తి మొత్తానికి ట్యాక్స్ ఇన్‌వాయిస్ పంపుతాం.
>
> ప్రొఫార్మాలో ఉన్న మీ సంస్థ పేరు, చిరునామా, జీఎస్‌టీఐఎన్ సరిగ్గా ఉన్నాయో లేదో ఒకసారి చూసి చెప్పండి. పర్చేజ్ ఆర్డర్ నంబర్ ఉంటే అది కూడా పంపండి. టీడీఎస్ కోస్తే ఫీజు మీదే, జీఎస్‌టీ మీద కాకుండా కోయగలరు.
>
> బ్యాంకు వివరాలు ప్రొఫార్మా కింద ఉన్నాయి. డబ్బు వేశాక యూటీఆర్ నంబర్ ఈ మెయిల్‌కే రిప్లై ఇవ్వండి.

ఇందులో మర్యాదకు లోటు లేదు, అలాగని బతిమాలడమూ లేదు. "వీలైనంత త్వరగా" అనే మాట కావాలనే వదిలేశాను. తేదీ ఇస్తే అకౌంట్స్ వాళ్లు ఆ వారం చెల్లింపుల జాబితాలో పెడతారు. "త్వరగా" అంటే ఎవరి ఇష్టం వారిది.

పెద్ద సంస్థల నుంచి తరచూ ఒక జవాబు వస్తుంది: "మా సిస్టమ్‌లో ప్రొఫార్మా తీసుకోదు, ట్యాక్స్ ఇన్‌వాయిస్ పంపితేనే పేమెంట్." భయపడి పూర్తి మొత్తానికి ఇన్‌వాయిస్ కొట్టేయకండి. నిజానికి వాళ్లకూ అందులో లాభం లేదు. చేతిలో ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఉన్నా, సేవ అందేదాకా వాళ్లు క్రెడిట్ తీసుకోవడానికి వీల్లేదు. ఆ మాటే మెత్తగా చెప్పి, అడ్వాన్స్ వరకు దారి చూపించొచ్చు:

> నమస్కారం అండీ,
>
> మీ ఇబ్బంది అర్థమైంది. పని ఇంకా మొదలు కాలేదు కాబట్టి పూర్తి రూ. 2,36,000కు ఇప్పుడే ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇచ్చినా, సేవ అందాకే మీకు క్రెడిట్ వస్తుంది. అందుకని ఇలా చేద్దాం: మీ పర్చేజ్ ఆర్డర్, ప్రొఫార్మా ఆధారంగా అడ్వాన్స్ విడుదల చేయండి. అది కుదరకపోతే, అడ్వాన్స్ రూ. 1,18,000కు మాత్రమే ట్యాక్స్ ఇన్‌వాయిస్ ఇస్తాం, మిగతాదానికి పని పూర్తయ్యాక ఇంకొకటి ఇస్తాం. ఏది వీలో చెబితే ఈరోజే పంపుతాను.

ఈ రెండో దారి ఒప్పుకుంటే, డబ్బు ఏ నెలలో వస్తుందో ముందే అడిగి తెలుసుకోండి. 30వ తేదీన ఇన్‌వాయిస్ ఇచ్చి, డబ్బు వచ్చే నెల 25న వస్తే, 20వ తేదీకల్లా ఆ 18,000 మీ జేబులోంచే కట్టాలి. నెల మొదట్లో ఇన్‌వాయిస్ ఇస్తే డబ్బు రావడానికి, పన్ను కట్టడానికి మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. ఈ దారిలో వెళితే చివరి ఇన్‌వాయిస్ మిగిలిన లక్షకే చేయాలి, పూర్తి మొత్తానికి కాదు. ఎందుకంటే మొదటి లక్షకు ఇన్‌వాయిస్ ఇచ్చేశారు. రసీదు వోచర్ దారిలో చెప్పినదానికి ఇది సరిగ్గా తలకిందులు, అందుకే ఒకే పనికి రెండు దారులూ కలపకండి.

ట్యాక్స్ ఇన్‌వాయిస్ పంపే మెయిల్ ఇంకా పొట్టిగా ఉండొచ్చు. అక్కడ అడగాల్సింది బాకీ ఒక్కటే, చెప్పాల్సింది ముందు పంపిన ప్రొఫార్మా ఇక చెల్లదని. అది చెప్పకపోతే ఏమవుతుందంటే, ప్రొఫార్మా 2,36,000, ఇన్‌వాయిస్ 2,36,000, రెండూ వాళ్ల సిస్టమ్‌లో ఎక్కి, రెండు బిల్లులుగా కనబడతాయి. అప్పుడు డూప్లికేట్ అని చెప్పి అసలుదాన్నే ఆపేస్తారు.

> సబ్జెక్ట్: ట్యాక్స్ ఇన్‌వాయిస్ EDS/25-26/087, 05-03-2026, బాకీ రూ. 1,18,000
>
> నమస్కారం అండీ,
>
> మార్చి 3న డ్రాయింగ్‌లన్నీ అప్పగించాం. వాటికి ట్యాక్స్ ఇన్‌వాయిస్ జతచేశాను. మొత్తం రూ. 2,36,000 (ఫీజు 2,00,000, ఐజీఎస్‌టీ 36,000). జనవరి 12న అందిన అడ్వాన్స్ రూ. 1,18,000 (రసీదు వోచర్ RV/25-26/009) పోగా బాకీ రూ. 1,18,000. మార్చి 20లోగా చెల్లించగలరు.
>
> జనవరి 5న పంపిన ప్రొఫార్మా PI/25-26/014 స్థానంలో ఇది వస్తుంది. దయచేసి ఈ ఇన్‌వాయిస్‌నే ఖాతాల్లో ఎక్కించండి. అడ్వాన్స్ మీద రూ. 10,000 టీడీఎస్ ఇదివరకే కోశారు, కాబట్టి ఇప్పుడు మిగిలిన రూ. 1,00,000 మీదే కోయాలి. మార్చి రిటర్న్‌లో ఈ ఇన్‌వాయిస్ చూపుతాం, ఏప్రిల్ 14న వచ్చే మీ 2బీలో కనబడుతుంది.

టీడీఎస్ వాక్యం లేకపోతే పూర్తి రెండు లక్షల మీద మళ్లీ 20,000 కోసిన సందర్భాలుంటాయి. ఎక్కువ కోసిన పదివేలు మీ పాన్ మీదే ఉంటాయి గానీ, ఆదాయపు పన్ను రిటర్న్ వేసి తిరిగి తెచ్చుకునేదాకా ఆగాలి. అంత దూరం పోకుండా ఒక్క వాక్యం రాయడం నయం.

డబ్బు వచ్చాక బ్యాంకు స్టేట్‌మెంట్‌లో 1,08,000 పడిందో లేదో చూసుకోండి. అంకె తేడాగా ఉంటే అదే రోజు, అదే మెయిల్ గొలుసులో అడగండి. ఒక విషయం మాత్రం క్లయింట్‌కే అవసరం: ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో మీకు పూర్తిగా చెల్లించకపోతే వాళ్లు తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. బాకీ అయిదో నెలలోకి వచ్చినప్పుడు రిమైండర్‌లో ఈ సంగతి ప్రస్తావిస్తే, అంతవరకు కదలని ఫైల్ కాస్త కదులుతుంది.